నాన్న అయోర్టా వాపు: అల్ట్రాసౌండ్‌లో 4.5, అయిదు నెలలకు సీటీలో 5.2. నిజంగా పెరిగిందా?

ఉష

అందరికీ నమస్కారం. నాన్నకి 71 ఏళ్లు. అయిదు నెలల క్రితం ప్రోస్టేట్ ఇబ్బందికి పొట్ట అల్ట్రాసౌండ్ తీస్తే, అడగని సంగతి ఒకటి బయటపడింది. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం అయోర్టా ఒకచోట ఉబ్బి ఉందట, 4.5 సెం.మీ. ఇలాంటి వాపునే అనూరిజం అంటారట. కంగారేం లేదు, కొన్ని నెలలకోసారి చూసుకుంటూ ఉండండి అన్నారు. పోయిన వారం వేరే కారణంతో సీటీ తీశారు. ఆ రిపోర్టులో 5.2 సెం.మీ. అని ఉంది.

అయిదు నెలల్లో 7 మి.మీ. ఏడాదికి 1 సెం.మీ. కన్నా ఎక్కువ పెరిగితే ఆపరేషన్ అంటారని చదివాను. ఈ లెక్కన నాన్నది ఏడాదికి 17 మి.మీ. అవుతోంది. రెండు రాత్రుల నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆయనకి నొప్పి లేదు, ఏమీ తెలియడం లేదు. సిగరెట్లు మాత్రం నలభై ఏళ్లుగా తాగుతున్నారు. సర్జన్ అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత దొరికింది. అప్పటిదాకా ఆగొచ్చా?

కిరణ్

ఉష గారూ, టెన్షన్ పడకండి. 5.5 సెం.మీ. దాటేదాకా వాపు పగలదు. అందుకే అన్ని దేశాల్లోనూ ఆపరేషన్‌కి 5.5 అని గీత గీశారు. మా మేనమామకి 4.8 ఉంది, నాలుగేళ్లుగా హాయిగా తిరుగుతున్నారు. బీపీ మాత్ర సరిగ్గా వేసుకుంటే వాపు పెరగడం కూడా ఆగిపోతుంది.

సుజాత

నాకు ఇది చదివితే భయం వేస్తోంది. మా పిన్నికి అనూరిజం 7 మి.మీ. ఉందని తెలియగానే వారంలో ఆపరేషన్ చేసేశారు. మీ నాన్నగారిది 45 మి.మీ. దాకా వచ్చినా చూస్తూ కూర్చోమన్నారా? వెంటనే డాక్టర్‌ని మార్చండి.

పద్మజ (స్కాన్ విభాగం)

సుజాత గారూ, మీ పిన్నిగారిది తలలో అయి ఉండాలి. మెదడులో రక్తనాళం రెండు మూడు మిల్లీమీటర్ల సన్నది, అక్కడ 7 అంటే పెద్దదే. పొట్టలో అయోర్టా మామూలుగానే 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది, 3 దాటితేనే అనూరిజం అంటాం. పేరు ఒకటే గానీ ఈ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టలేం.

ఉష గారూ, నేను పొట్ట అల్ట్రాసౌండ్‌లు చేయబట్టి పద్దెనిమిదేళ్లు. మీ ప్రశ్న చూడగానే నాకు వాపు కన్నా ముందు కొలత మీద అనుమానం వచ్చింది. మూడు సంగతులు చూసి చెప్పండి. ఒకటి, అల్ట్రాసౌండ్ రిపోర్టులో లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలిచామని గానీ, బయటి అంచుల నుంచి కొలిచామని గానీ రాశారా? రెండు, సీటీలో ఒక్క అంకే ఇచ్చారా, రెండు అంకెలా? మూడు, అయోర్టా వంకర తిరిగి ఉందని ఏమైనా రాశారా?

ఉష

సుజాత గారూ, మీరు నాకోసమే కంగారుపడ్డారు, థాంక్స్. పద్మజ గారూ, అల్ట్రాసౌండ్ రిపోర్టులో "లోపలి నుంచి లోపలికి, ముందు-వెనుక కొలత 4.5" అని ఉంది. సీటీలో "5.2 x 4.8 సెం.మీ., అడ్డుకోతలో" అని ఉంది. కింద ఇంకో వరుసలో అయోర్టా ఎడమవైపుకి వంగి ఉందని రాశారు. నేను మొదటి అంకె ఒక్కటే పట్టుకున్నాను.

పద్మజ (స్కాన్ విభాగం)

అదేనండీ నా అనుమానం. వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అయోర్టా గోడకి మందం ఉంటుంది. అల్ట్రాసౌండ్ తెర మీద ముందు గోడ ఒక తెల్లని గీతలా, వెనక గోడ ఇంకో గీతలా కనిపిస్తాయి. కొలిచే గుర్తుని గీత లోపలి అంచున పెట్టొచ్చు, బయటి అంచున పెట్టొచ్చు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. లోపలి అంచుల మధ్య కొలిస్తే, బయటి అంచుల కొలత కన్నా 3 నుంచి 5 మి.మీ. తక్కువ వస్తుంది. సీటీలో దాదాపు ఎప్పుడూ బయటి అంచులే తీసుకుంటారు. అంటే మీ నాన్నగారి అల్ట్రాసౌండ్ 4.5ని సీటీ భాషలోకి మారిస్తే అది మొదటి రోజు నుంచే సుమారు 4.8.

ఇక 5.2 ఎక్కడి నుంచి వచ్చింది? సీటీ మనిషిని పైనుంచి కిందికి పలకలు పలకలుగా అడ్డంగా కోసి చూపిస్తుంది. అయోర్టా నిటారుగా ఉంటే ఆ కోత గుండ్రంగా వస్తుంది. వంగి ఉంటే ఏటవాలుగా తెగుతుంది. ఒక గుండ్రటి పైపుని వాలుగా కోసి చూడండి, కోసిన చోట అండాకారం కనిపిస్తుంది. దాని పొడవు కొలత పైపు వెడల్పు కాదు, పొట్టి కొలతే అసలు వెడల్పుకి దగ్గర. మీ 5.2 x 4.8లో పొట్టిది 4.8.

ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. అప్పుడు సుమారు 4.8, ఇప్పుడు 4.8. నాకు పెరిగినట్టే కనిపించడం లేదు. కానీ నేను బొమ్మలు చూడలేదు. వాపు అన్నిసార్లూ గుండ్రంగా ఉండదు, ఒక పక్కకే ఉబ్బినది కూడా అండాకారంగానే కనిపిస్తుంది. అప్పుడు 5.2 నిజమే కావచ్చు. అందుకే సర్జన్ దగ్గరికి వెళ్లేలోపు సీటీ డిస్క్ ఇచ్చి, అయోర్టా నడిచే దారికి లంబంగా మళ్లీ కొలవమని రేడియాలజిస్ట్‌ని అడగండి. కొత్త స్కాన్ అక్కర్లేదు, ఉన్న బొమ్మల మీదే సాఫ్ట్‌వేర్‌తో కొలుస్తారు.

రావు (వాస్క్యులర్ సర్జన్)

పద్మజ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఒకే మనిషిని ఒకే రోజు ఇద్దరు నిపుణులు కొలిచినా 4, 5 మి.మీ. దాకా తేడా రావడం మామూలే. గుండె కొట్టుకున్నప్పుడల్లా అయోర్టా సాగి ముడుచుకుంటుంది, అందులోనే ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతాయి. కాబట్టి రెండు వేర్వేరు యంత్రాల కొలతలను తీసేసి, మిగిలినదాన్ని పన్నెండు నెలలకు హెచ్చించి వేగం లెక్కగట్టడం నేను ఒప్పుకోను. వేగం తెలియాలంటే అదే పద్ధతిలో తీసిన రెండు మూడు స్కాన్‌లు కావాలి.

కిరణ్ గారి మాటల్లో కొంత నిజం ఉంది, కొంత ప్రమాదం ఉంది. 5.5 లోపు పగలదనడం తప్పు. అరుదుగా పగులుతుంది అంతే. ఆ గీత ఎలా వచ్చిందో తెలిస్తే తేడా అర్థమవుతుంది. బ్రిటన్‌లో 1,090 మందితో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 1998లో వచ్చాయి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 1,136 మందితో చేసిన ఏడీఏఎం పరీక్ష 2002లో వచ్చింది. రెండింట్లోనూ వాపు 4.0 నుంచి 5.5 లోపు ఉన్నవాళ్లే. సగం మందికి వెంటనే పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. మిగతా సగాన్ని స్కాన్‌లతో గమనిస్తూ, 5.5కి చేరినప్పుడో, వేగంగా పెరిగినప్పుడో, నొప్పి మొదలైనప్పుడో చేశారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ బతికున్నవాళ్లు దాదాపు సమానం.

కారణం సులువే. గమనిస్తూ వచ్చినవాళ్లలో ఏడాదికి నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో పగిలింది. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్లలో బ్రిటన్‌లో 30 రోజుల్లోపే నూటికి 5.8 మంది చనిపోయారు, అమెరికాలో ఆపరేషన్ వల్ల మొత్తం 2.7 మంది. తొందరపడితే రేపటి చిన్న ప్రమాదం తప్పుతుంది, బదులుగా ఇవాళే ఇంకో ప్రమాదం మీద పడుతుంది. 5.5 అంటే ఈ తూకం ఆపరేషన్ వైపు మొగ్గే చోటు. వాపుకి ఆ అంకె తెలియదు, 5.4 దగ్గర ఆగి ఆలోచించదు.

బీపీ మాత్రల గురించి. బీపీ అదుపులో ఉంచాల్సిందే, ఈ రోగుల్లో చాలామందిని గుండెపోటే ముందు తీసుకుపోతుంది. కానీ వాపు పెరగడాన్ని ఆపుతుందని రుజువైన మందు ఒక్కటీ లేదు. ప్రొప్రనలాల్ చూశారు, డాక్సీసైక్లిన్ చూశారు, రెండూ పని చేయలేదు. సిగరెట్ మానడం మాత్రం పని చేస్తుంది. తాగేవాళ్లలో వాపు త్వరగా పెరుగుతుంది, పగిలే అవకాశం సుమారు రెట్టింపు. ఉష గారూ, ఈ పది రోజుల్లో మీ చేతిలో ఉన్న పని అదే.

కిరణ్

సర్, ఒప్పుకుంటున్నాను. "పగలదు" అని రాసి ఉండకూడదు. అయితే ఒక సందేహం. లోపలి కొలతకీ బయటి కొలతకీ అంత తేడా ఉన్నప్పుడు 5.5 అన్నది దేని ప్రకారం?

రావు (వాస్క్యులర్ సర్జన్)

మంచి ప్రశ్న, మాలో మాకే పూర్తిగా తేలనిది. 1998 నాటి బ్రిటన్ పరీక్షలో అల్ట్రాసౌండ్‌తో బయటి అంచులు కొలిచారు. స్క్రీనింగ్ ప్రాణాలు కాపాడుతుందా అని అదే దేశంలో 65 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు సుమారు 67,800 మందిని చూశారు. ఎంఏఎస్ఎస్ అనే ఆ పరీక్షలో లోపలి అంచులు కొలిచారు. బ్రిటన్ స్క్రీనింగ్ ఇప్పటికీ లోపలి కొలతతోనే నడుస్తోంది. అక్కడ 5.5 వచ్చి పంపిన మనిషికి సీటీ తీస్తే 5.8 గానీ, 6 గానీ కనిపించవచ్చు. అయినా అక్కడి ఫలితాలు చెడ్డవేం కావు. లోపలి కొలత సరిపోతుందనేవాళ్లూ, ఆలస్యమవుతోందనేవాళ్లూ ఉన్నారు. నేను బయటి కొలతనే నమ్ముతాను, కానీ ఎదుటివాళ్లది తప్పని నిరూపించలేను.

వెన్నెల

ఒక్కసారి ఆడవాళ్ల గురించి కూడా చెప్పండి. అమ్మకి 68, వాపు 5.1. ఒక డాక్టర్ 5.5 దాకా ఆగమన్నారు, ఇంకొకరు ఇప్పుడే చేద్దామంటున్నారు.

రావు (వాస్క్యులర్ సర్జన్)

వెన్నెల గారూ, మీ ఇద్దరు డాక్టర్లూ రెండు నిజాలు చెప్తున్నారు. ఆడవాళ్ల అయోర్టా సహజంగానే సన్నగా ఉంటుంది, కాబట్టి అదే 5.1 వాళ్లకి ఎక్కువ సాగినట్టు. ఒకే సైజు దగ్గర పోల్చి చూస్తే పగిలే అవకాశం మగవాళ్ల కన్నా దాదాపు నాలుగు రెట్లు. అందుకే యూరప్, అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘాలు ఆడవాళ్లకి 5.0 నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చంటాయి. ఇంకో వైపు, ఆపరేషన్‌లో చనిపోయే ప్రమాదం కూడా ఆడవాళ్లకే ఎక్కువ. నేను చెప్పిన అమెరికా పరీక్షలో దాదాపు అందరూ మగవాళ్లే, బ్రిటన్‌లో ఆరుగురిలో ఒకరే ఆడమనిషి. 5.0 అన్నది పెద్దల అభిప్రాయం, పరీక్షలో తేలింది కాదు. అమ్మగారి గుండె, కిడ్నీలు, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూశాకే ఎవరైనా గట్టిగా చెప్పగలరు. నా రోగి అయితే 5.1 దగ్గర ఆ పరీక్షలు మొదలుపెట్టి ఉండేవాడిని.

మాస్టారు

నా వయసు 79. నాది 5.7, బయటి కొలతే. గుండె పంపింగ్ బాగా తగ్గింది. తొడ దగ్గర నుంచి ఎక్కించి రక్తనాళం లోపల గొట్టంలా అమర్చే స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టొచ్చేమో చూశారు. కిడ్నీ నాళాల కిందనే వాపు మొదలైంది, గ్రాఫ్ట్ పట్టుకోవడానికి చాలినంత మంచి గోడ లేదన్నారు. పొట్ట కోస్తే తట్టుకోలేనన్నారు. ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నాం. నేను వద్దన్నాను. గీత దాటిన ప్రతివాడికీ ఆపరేషన్ జరగదని ఇక్కడ ఎవరో ఒకరు చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను. పొద్దున నడుస్తాను, బరువులు ఎత్తను. పిల్లలు ఇంకా నాతో వాదిస్తూనే ఉన్నారు.

రావు (వాస్క్యులర్ సర్జన్)

మాస్టారూ, నమస్కారం. మీరన్నది సరైనదే. 5.5 అన్నది ఆపరేషన్ గురించి మాట్లాడటం మొదలుపెట్టే అంకె. మామూలు గ్రాఫ్ట్ కుదరనివాళ్లకి కిడ్నీ నాళాల కోసం కిటికీలు పెట్టి తయారుచేసే గ్రాఫ్ట్‌లు ఉన్నాయి. అది పెద్ద పని, మీ గుండెకి తగుతుందో లేదో నాకు తెలియదు. అడగలేదంటే ఒక్కసారి అడిగి చూడండి. అడిగాక కూడా వద్దనుకుంటే అది మీ ఇష్టం.

ఫణి

ఇన్నేళ్లుగా ఎక్కడా రాయలేదు, ఇవాళ రాస్తున్నాను. మా నాన్నకి 67. ఒక రాత్రి ఎడమ డొక్కలో మొదలై నడుము దాకా నొప్పి. ఆసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీలో రాయి అన్నారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, నీళ్లు బాగా తాగమని పంపేశారు. ఆ ఇంజెక్షన్‌కి కాసేపు తగ్గింది. తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి తలుపు పట్టుకుని అలాగే జారిపోయారు. ఒళ్లంతా చల్లటి చెమట. దారిలోనే పోయారు. పొట్టలో అంత పెద్ద వాపు ఉందని అంతకుముందు మాకెవరికీ తెలియదు. రాయి నొప్పి ఆయనకి జీవితంలో ఎప్పుడూ రాలేదు. 67 ఏళ్లకి మొదటిసారి వచ్చినప్పుడు ఎవరైనా ఒక్కసారి ప్రోబ్ పెట్టి అయోర్టా చూసి ఉంటే బాగుండేది.

పద్మజ (స్కాన్ విభాగం)

ఫణి గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చివర్లో అన్నది అక్షరాలా నిజం. అరవై దాటి, పొగతాగే మనిషికి మొదటిసారి "కిడ్నీ రాయి నొప్పి" వస్తే ముందు అయోర్టా చూడాలి. కొంచెంగా కారిన రక్తం వెనక కణజాలంలో ఆగితే కొన్ని గంటలు మనిషి బాగానే కనిపిస్తాడు, ఆ కాస్త సమయంలోనే కాపాడుకోవాలి.

ఉష గారూ, పది రోజులు ఆగొచ్చా అని మొదట్లో అడిగారు కదా. నొప్పి లేనంతవరకు ఆగొచ్చు. పొట్టలో గానీ నడుములో గానీ కొత్తగా, గట్టిగా, వదలకుండా నొప్పి వచ్చినా, వాపు మీద చెయ్యి వేస్తే నొచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా సైజు ఎంతన్నది చూడకండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. సరాసరి రక్తనాళాల సర్జరీ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, లోపలికి అడుగుపెట్టగానే "అయోర్టా అనూరిజం ఉంది" అని చెప్పండి. రిపోర్టు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.

ఉష (పదహారు రోజుల తర్వాత)

ఏమైందో చెప్పాలని వచ్చాను. రేడియాలజిస్ట్ అవే సీటీ బొమ్మలని మళ్లీ కొలిచారు. నా ఎదురుగానే తెర మీద అయోర్టా మధ్యలో ఒక గీత నడిపి, దానికి అడ్డంగా కోసి చూపించారు. అప్పటిదాకా అండాకారంలో ఉన్నది గుండ్రంగా మారింది. 4.8. అల్ట్రాసౌండ్ కూడా మళ్లీ చేశారు, లోపలి కొలత 4.5, బయటిది 4.8. అంటే మేం నిద్ర మానుకున్న 7 మి.మీ. అసలు లేవే లేవు.

సర్జన్ ఆపరేషన్ ఇప్పుడు వద్దన్నారు. మూడు నెలలకోసారి అల్ట్రాసౌండ్ అన్నారు. ఇంకొకరిని అడిగితే ఈ సైజుకి ఏడాదికోసారి చాలన్నారు. ఎవరి మాట వినాలో తెలియలేదు. నాన్న సిగరెట్ మానేసి పదమూడు రోజులైంది, చిరాకు పడుతున్నారు గానీ ముట్టుకోలేదు.

ఇంకొకటి. బాబాయికి 66, ఆయన కూడా పొగతాగేవారే. నాన్నకి ఉంది కాబట్టి ఆయనకీ తీయించాం. 2.7 వచ్చింది. అనూరిజం కాదన్నారు. మళ్లీ చూపించాలా?

రావు (వాస్క్యులర్ సర్జన్)

బాబాయిగారికి తీయించడం మంచి పని. తండ్రికో, తోబుట్టువుకో ఉంటే మిగతావాళ్లకి వచ్చే అవకాశం పెరుగుతుంది. 65 నుంచి 75 ఏళ్ల మధ్య, ఎప్పుడైనా పొగతాగిన మగవాళ్లకి ఒక్కసారి అల్ట్రాసౌండ్ చేయమని అమెరికా సిఫార్సు. బ్రిటన్‌లో తాగినా తాగకపోయినా 65వ ఏట మగవాళ్లందరినీ పిలుస్తారు. 2.7 దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. బ్రిటన్‌లో 3 లోపు ఉంటే మళ్లీ పిలవరు. 2.5 నుంచి 3 మధ్య ఉన్నవాళ్లలో కొందరికి ఏళ్లు గడిచాక 3 దాటుతుంది, కాబట్టి ఇంకోసారి చూడాలని మరికొందరంటారు. ఆయన ఇంకా తాగుతుంటే నేను అయిదేళ్లకి మళ్లీ చూస్తాను.

నాన్నగారి విషయంలో మూడు నెలలు బ్రిటన్ పద్ధతి, అక్కడ 4.5 నుంచి 5.4 దాకా అంతే. 4.0 నుంచి 4.9కి ఏడాది అన్నది అమెరికా పద్ధతి. ఈ సైజు వాపు సగటున ఏడాదికి 3 మి.మీ. పెరుగుతుంది. మూడు నెలలకి చూస్తే పెరుగుదల కన్నా కొలతలో తేడాయే ఎక్కువ కనిపిస్తుంది. మరీ ఏడాది ఆగితే, వేగంగా పెరిగే కొద్దిమందిని ఆలస్యంగా పట్టుకుంటాం. మానేసి పదమూడు రోజులే అయింది కాబట్టి మొదటి ఏడాది ఆరు నెలలకోసారి చూసేవాడిని. మీ సర్జన్ మూడు అంటే దానికీ నాకు అభ్యంతరం లేదు.

పద్మజ (స్కాన్ విభాగం)

ఉష గారూ, ప్రతిసారీ అదే చోట, వీలైతే అదే మనిషితో చేయించండి. ఉదయం ఏమీ తినకుండా వెళ్లండి, పేగుల్లో గ్యాస్ ఉంటే అయోర్టా సగమే కనిపిస్తుంది. రిపోర్టు చేతికి రాగానే "బయటి అంచు నుంచి బయటి అంచుకి" అని రాశారో లేదో అక్కడే చూసుకోండి. రాయకపోతే రాసి ఇమ్మని అడగండి, ఎవరూ కాదనరు.

ఉష

నవంబర్‌లో తీయించాక ఇక్కడే రాస్తాను. మాస్టారూ, ఆ గ్రాఫ్ట్ గురించి అడిగారా?

మాస్టారు

అడగలేదమ్మా. వచ్చే వారం పెద్దమ్మాయి వస్తోంది, తనతో కలిసి వెళ్లి అడుగుతాను.